వీపీఎన్ కనెక్ట్ అయినా ఆఫీస్ సర్వర్ ఎందుకు తెరుచుకోదు?

ఎపిసోడ్‌లో తొందరగా చెప్పేశాను, ఇక్కడ నెమ్మదిగా రాస్తున్నా. మర్నాడు పొద్దున స్లాబ్ కాంక్రీట్. మార్చిన స్టీల్ డ్రాయింగ్ దుబాయ్ ఆఫీస్ సర్వర్‌లో ఉంది. షార్జా సైట్ క్యాబిన్‌లో నా ల్యాప్‌టాప్‌కి వీపీఎన్ కనెక్ట్ అయ్యింది గానీ ఆ ఫోల్డర్ తెరుచుకోలేదు.

ఫోన్లో మా ఐటీ అబ్బాయి రెండు పింగ్‌లు కొట్టమన్నాడు. ఆఫీస్‌లోని వీపీఎన్ సర్వర్ 192.168.10.5 జవాబిచ్చింది. ఫైల్ సర్వర్ 192.168.10.20 ఇవ్వలేదు. అతను ఫైల్ సర్వర్‌లో వైర్‌షార్క్ పెట్టి చూశాడు. నా పింగ్ అక్కడికి చేరుతోంది, జవాబు కూడా బయల్దేరుతోంది. నా దాకా రావట్లేదంతే.

కారణం ఇదీ. వీపీఎన్ నాకిచ్చిన అడ్రస్ 10.8.0.6. ఫైల్ సర్వర్‌కి ఆ నెట్‌వర్క్ దారి తెలీదు. దారి తెలియనివన్నీ అది ఆఫీస్ రౌటర్ 192.168.10.1కి ఇస్తుంది. రౌటర్‌కీ తెలీదు కాబట్టి ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది. జవాబు అక్కడితో పోయినట్టే.

అతను ఫైల్ సర్వర్‌లో అడ్మిన్‌గా ఈ ఒక్క లైను కొట్టాడు:

```
route -p add 10.8.0.0 mask 255.255.255.0 192.168.10.5
```

10.8.0తో మొదలయ్యే అడ్రస్‌లకి వెళ్లే జవాబులు వీపీఎన్ సర్వర్ చేతికే ఇవ్వమని దీనర్థం. `-p` లేకపోతే రీస్టార్ట్ చేయగానే ఆ దారి పోతుంది. ఇది ఆ ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది. మిగతావాటికీ కావాలంటే ఇదే దారి రౌటర్‌లో పెట్టాలి.

పింగ్ చేరినా జవాబు అసలు బయల్దేరకపోతే మాత్రం ముందు సర్వర్ ఫైర్‌వాల్ చూడండి.

డ్రాయింగ్ తెరుచుకుంది. కడ్డీల మధ్య దూరం 200 మి.మీ. నుంచి 150కి మారింది. పాతదాన్ని నమ్మి పోసుంటే పగలగొట్టాల్సి వచ్చేది.