ఒరిగిన పేజీలు ఒక వరుసలోకి

పాత నవల ఒకటి స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా దొరికిందనుకుందాం. తెరిచి చూస్తే ఒక పేజీ ఎడమకు ఒరిగి ఉంటుంది, మరుసటిది కుడికి. ఒకచోట అంచు రెండు వేళ్ల వెడల్పు, ఇంకోచోట అక్షరాలకు ఆనుకునే కోత. పుస్తకాన్ని అద్దం మీద బోర్లించి ప్రతిసారీ చేత్తో అదిమిపెడితే ఇలాగే వస్తుంది. ఒక డిగ్రీ వాలు చిన్నదిగా అనిపిస్తుంది గానీ, పదిహేను సెంటీమీటర్ల పంక్తి ఆ చివరికి వెళ్లేసరికి రెండున్నర మిల్లీమీటర్లు కిందికి జారుతుంది.

చాలామంది ముందు అంచులు కత్తిరిస్తారు. అసలు పొరపాటు అక్కడే. ఒకే చట్రం అన్ని పేజీలకూ వేస్తే, పక్కకు జరిగిన పేజీల్లో పంక్తుల మొదలో చివరో తెగిపోతుంది. ముందు వాలు సరిచేయాలి, తర్వాత అచ్చు భాగాన్ని గుర్తించాలి, అంచులు ఆఖరున.

ఈ వరుసలోనే పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ స్కాన్ టైలర్. అది బొమ్మలనే తీసుకుంటుంది కాబట్టి పీడీఎఫ్‌లోంచి వాటిని ముందుగా బయటికి తీయాలి:

```
pdfimages -png navala.pdf p
```

వాలును కనిపెట్టడానికి సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పేజీని కొద్దికొద్దిగా తిప్పి చూస్తాయి. పంక్తుల మధ్య తెల్లని ఖాళీలు ఏ కోణంలో బాగా తేటపడతాయో అదే సరైన కోణం. తెలుగులో వత్తులు కిందికి దిగి, గుడులు పైకి లేచి ఆ ఖాళీల్లోకి చొరబడతాయి. అయినా నిండు పేజీలో పాతిక పంక్తులుంటాయి కనుక లెక్క సాధారణంగా తప్పదు. నాలుగు మాటలే ఉన్న ముఖపత్రం, బొమ్మల పేజీ మాత్రం దాన్ని తికమక పెడతాయి. వాటిని మనిషే చూసి తిప్పాలి.

అసలు మెలిక అంచుల దగ్గర ఉంది. స్కాన్ టైలర్ అన్ని పేజీలనూ ఒకే కొలతకు తేగలదు. ఆ కొలత అన్నిటికంటే పెద్ద పేజీని బట్టి నిర్ణయమవుతుంది. ఎక్కడో ఒక పేజీలో అంచున ఉన్న నల్లమరకను అచ్చులో భాగమనుకుని చట్రం సాగిందా, మిగతా పేజీలన్నీ తెల్లని మైదానంలో ఇరుక్కున్నట్టు తయారవుతాయి. రెండువందల పేజీలు తిరగేసి దాన్ని వెతకనక్కర్లేదు. పేజీలను వెడల్పు క్రమంలో పేర్చమంటే దోషి వరుస చివరన నిలబడుతుంది. దాని చట్రాన్ని లోపలికి జరిపితే పుస్తకమంతా సర్దుకుంటుంది.

అధ్యాయం చివర సగమే నిండిన పేజీని పై అంచుకు ఆనించాలి. మధ్యకు చేరిస్తే మొదటి పంక్తి కిందికి దిగిపోతుంది.

కుట్టు దగ్గర వంపు తిరిగిన పంక్తులు మాత్రం ఎంత తిప్పినా నిటారు కావు. వంపు తీయడం వేరే పని, ఒక్కోసారి అక్షరాల రూపాన్నే మారుస్తుంది. వీలుంటే ఆ పేజీలను మళ్లీ స్కాన్ చేయడమే మేలు.

చివరికి పేజీలను తిరిగి కూర్చాలి:

```
img2pdf out/*.tif -o navala-new.pdf
```

కొత్త పీడీఎఫ్‌ను పేజీ మొత్తం కనిపించేలా పెట్టి గబగబా తిప్పితే, నిండు పేజీల మొదటి పంక్తి తెర మీద ఒకేచోట నిలవాలి. ఎక్కడ ఎగిరిందో ఆ పేజీకే మళ్లీ వెళ్లాలి.