నాలుగు రౌండ్లు, 7 నిమిషాల 15 సెకన్లు

2022 తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు పెట్టిన పరుగు 1600 మీటర్లు, గడువు 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు 109 సెకన్లకు కాస్త తక్కువే. ఇంటర్ అయిపోయి ఈవెంట్స్ కోసం గ్రౌండుకు వచ్చే కుర్రాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు.

మొదటి రోజు 8 నిమిషాల 30 సెకన్లు పట్టిన ఒక కుర్రాడిని అనుకుందాం. రోజూ పొద్దున్నే వచ్చి నాలుగు రౌండ్లు అదే వేగంతో పరుగెత్తి వెళ్తున్నాడు. కొన్ని వారాలు టైమింగ్ తగ్గుతుంది, తర్వాత కదలదు. ఒళ్లు తన మీద పడిన పనికి సరిపడా మాత్రమే మారుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంది, కాలి కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరిగాయి, ఆ నాలుగు రౌండ్లకు అవి చాలు. ఇంకా మారాలంటే అలవాటైన దానికన్నా కొంచెం ఎక్కువ పని పడాలి. వ్యాయామ శాస్త్రంలో దీన్నే ఓవర్‌లోడ్ అంటారు. రోజులు పెంచవచ్చు, దూరం పెంచవచ్చు, వేగం పెంచవచ్చు. మూడూ ఒకే వారంలో పెంచకూడదు.

వీటిలో ఏది పెంచాలో చెప్పేది రెండో సూత్రం, స్పెసిఫిసిటీ. దేనికి సాధన చేస్తే ఒళ్లు దానికే అలవాటు పడుతుంది. మన కుర్రాడు రౌండుకు 127 సెకన్ల చొప్పున పరుగెత్తుతూ ఆ వేగాన్నే గట్టిచేసుకుంటున్నాడు. అతనికి కావలసింది 108 సెకన్ల వేగం. దాన్ని నాలుగు రౌండ్ల పాటు ఒకేసారి నిలపలేడు గానీ ఒక్క రౌండు నిలపగలడు. కాబట్టి 108 సెకన్లలో ఒక రౌండు, రెండు మూడు నిమిషాల నడక, మళ్లీ ఒక రౌండు. సైకిల్ తొక్కితే గుండెకు మేలే, కానీ నేలను తన్ని ముందుకు దూకే పని కాళ్లకు అలవాటు కాదు. ఇదే పరీక్షలో ఉన్న లాంగ్ జంప్, షాట్‌పుట్‌లకు రన్నింగ్ సరిపోదు, వాటి సాధన వాటికి వేరే.

ఎంత తొందరగా పెంచాలన్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఊపిరి నాలుగు వారాల్లో దారికొస్తుంది. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే ఆయాసం తగ్గి ఉత్సాహం పెరిగిన సమయానికి కాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు. అందుకే ఎనిమిది వారాల ప్రణాళిక ఇలా వేసుకోవచ్చు. వారంలో మూడు రోజులు మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే వేగంతో 20 నిమిషాలు, ఇంకో రోజు వేగం రౌండ్లు. మొదటి రెండు వారాలు 112 సెకన్ల చొప్పున నాలుగు, మూడో వారం 108 సెకన్లలో అయిదు. నాలుగో వారం కావాలనే తగ్గించి మూడు. ఆ తగ్గింపు చాలామందికి నచ్చదు, కానీ అప్పటిదాకా పడిన శ్రమకు ఒళ్లు కుదురుకునేది ఆ వారంలోనే. తర్వాత రెండు వారాలు ఆరు, ఏడో వారం 800 మీటర్లు 3 నిమిషాల 35 సెకన్లలో రెండుసార్లు. ఎనిమిదో వారం తేలిగ్గా పరుగెత్తి, చివర్లో పూర్తి దూరానికి టైమింగ్ చూసుకోవాలి.

అతి అయిందని కాళ్లే చెబుతాయి. మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి పుట్టి, కాస్త పరుగెత్తాక తగ్గితే పని తగ్గించాలి. అదే నొప్పి వేలితో చూపించగలిగేంత ఒక్కచోట ఉండి, రాత్రిళ్లు కూడా బాధిస్తే ఎముకలో సన్నటి చీలిక ఉండవచ్చు. పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంత కష్టపడి తెచ్చుకున్నది నిలవాలంటే సాధన నిలవాలి. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచి చూశారు. ఒళ్లు ఆక్సిజన్ వాడుకోగల గరిష్ఠ శక్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల్లో పోయినంత ఈ ముప్పై ఏళ్లలోనూ పోలేదని తేలింది. సాధన మానేయడం మంచం పట్టినంత ఘోరం కాదు. అయినా మానిన కొన్ని రోజులకే రక్తంలోని ద్రవభాగం తగ్గడం మొదలవుతుంది, ఆయాసం ముందుగా తిరిగొచ్చేది అందుకే. కండబలం అంత త్వరగా పోదు. దీన్నే రివర్సిబిలిటీ అంటారు.

పరీక్షలొచ్చినా, ఈవెంట్స్ వాయిదా పడినా రోజులు తగ్గించుకోవచ్చు, వేగం తగ్గించకూడదు. వారానికి రెండుసార్లు గట్టిగా పరుగెత్తినా చాలావరకు నిలుస్తుంది. పూర్తిగా మానేసిన కుర్రాడు మాత్రం ఆరు రౌండ్ల దగ్గర వదిలానని ఆరుతోనే మొదలుపెట్టకూడదు. నాలుగుకు దిగి, రెండు మూడు వారాల్లో పైకి రావాలి.