దీపావళి పెట్టె మీద ఏం రాయాలి?

కంపెనీలకు దీపావళి పెట్టెలు అమ్మే మిఠాయి కొట్ల కరపత్రాల్లో 'రాయల్', 'ప్రీమియం' అన్న పేర్లే ఎక్కువ. వాటివల్ల కొనేవారికి తెలిసేదేమీ లేదు. పెట్టెలో ఏముంది, పెట్టె బరువు పోగా ఎంత తూగుతుంది, ఎన్నాళ్లు నిలవుంటుంది అన్నవి రాయాలి.

సిబ్బందికిచ్చే మొదటి రకానికి 'నేతి మైసూర్‌పాక్, కాజా, అరకిలో' అంటే చాలు. రెండోది ఖాతాదారులకు: 'కాజూ కత్లీ 250 గ్రాములు, విడి సంచుల్లో బాదం, పిస్తా 100 గ్రాముల చొప్పున.' విడి సంచులన్న మాట ముఖ్యం, ఎందుకంటే మిఠాయి తేమ తగిలితే పప్పులు మెత్తబడతాయి. కొరియర్లో పై ఊళ్లకు వెళ్లే మూడో రకంలో కలాకంద్ వద్దు, దారిలోనే పులుస్తుంది. ఎండు ఖర్జూరం, అంజీర్, జీడిపప్పు పెట్టాలి.

ఇక లోపలి చీటీ. అందరికీ ఒకే శుభాకాంక్షలు చవక. కాస్త ఎక్కువ తీసుకుని పేరుతో రెండు వాక్యాలు అచ్చువేస్తే మనసుకు తాకుతుంది: 'గోదాము మార్చినప్పుడు మీరు పడ్డ శ్రమ మరవలేదు. ఇంటిల్లిపాదికీ దీపావళి శుభాకాంక్షలు.' ఇంగ్లీషు జాబితాలోంచి పేర్లు మార్చితే మాత్రం శారద 'సరద' అవుతుంది. అందుకే పేర్లు తెలుగులోనే రాయించుకుని, అచ్చుకు ముందు కంపెనీవారికి ఒకసారి చూపించాలి.