1.005: అర పైసా ఎటు పోయింది?

ఒక వస్తువు ధర 40 రూపాయల 20 పైసలు. దాని మీద 5 శాతం జీఎస్టీ. రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి పన్ను రెండు సమాన భాగాలవుతుంది: కేంద్రానికి 2.5 శాతం సీజీఎస్టీ, రాష్ట్రానికి 2.5 శాతం ఎస్జీఎస్టీ. కాగితం మీద లెక్కేస్తే ఒక్కో భాగం సరిగ్గా 1.005 రూపాయలు. అంటే ఒక రూపాయి, దాని మీద అర పైసా. బిల్లులో పైసల వరకే చోటుంటుంది కనుక ఆ అర పైసాను పైకో కిందికో సర్దాలి.

బిల్లింగ్ ప్రోగ్రాం రాసేవాళ్లు ఈ లెక్కను సాధారణంగా రెండు రకాలుగా రాస్తారు. 2.5తో గుణించి వందతో భాగించడం ఒకటి, నేరుగా 0.025తో గుణించడం మరొకటి. బడి గణితంలో రెండూ ఒకటే. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఇలా వస్తుంది:

```
(40.2 * 2.5 / 100).toFixed(2)   // "1.00"
(40.2 * 0.025).toFixed(2)       // "1.01"
(1.005).toFixed(2)              // "1.00"
```

ధర అదే, పన్ను రేటు అదే, జవాబులే రెండు. మూడో వరుసలో ఏ గుణకారమూ లేదు. 1.005ను రెండు దశాంశ స్థానాలకు చూపించమన్నాం, అంతే. బడిలో నేర్చుకున్న ప్రకారం 1.01 రావాలి. 1.00 వచ్చింది. ఇది చూసిన చాలామంది "కంప్యూటర్ బ్యాంకర్స్ రౌండింగ్ వాడుతోంది" అని తేల్చేస్తారు. నమ్మబుద్ధయ్యే జవాబే, కానీ తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ రెండు పద్ధతుల సంగతి చూడాలి.

సగం వస్తే ఏం చేయాలి?

2.3ను పూర్ణాంకం చేయమంటే 2 అంటాం, 2.7ను 3 అంటాం. ఇందులో తగాదా లేదు. చిక్కంతా 2.5 దగ్గరే. అది 2కూ 3కూ సమాన దూరంలో ఉంది. బడిలో నేర్పేది హాఫ్-అప్: సగం వస్తే పైకి. మన చట్టంలో ఉన్నదీ అదే. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దేటప్పుడు 50 పైసలు, ఆపైన ఉంటే పూర్తి రూపాయిగా లెక్కగడతారు. అంతకన్నా తక్కువ ఉంటే వదిలేస్తారు. అయితే ఆ సెక్షన్ మాట్లాడేది రూపాయి గురించే, అర పైసా గురించి కాదు.

బ్యాంకర్స్ రౌండింగ్‌లో సగం వచ్చినప్పుడు దగ్గరున్న సరి సంఖ్యను ఎంచుకుంటారు. 2.5 అయితే 2 అవుతుంది, 3.5 అయితే 4 అవుతుంది. పేరులో బ్యాంకర్లున్నా ఇది బ్యాంకులకే పరిమితమైన పద్ధతి కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 2 అనే ప్రమాణం, సంఖ్యల సవరింపు కోసం ఉన్నది, చెప్పేదీ ఇదే: చివర 5 మాత్రమే మిగిలితే, దాని ముందు అంకె బేసి అయితే ఒకటి పెంచాలి, సరి అయితే అలాగే ఉంచాలి. అంటే మన దేశంలోనే పన్నులకు ఒక సూత్రం, ప్రయోగశాల కొలతలకు ఇంకో సూత్రం నడుస్తున్నాయి.

సరి సంఖ్యే ఎందుకు? 0.5, 1.5, 2.5, 3.5 అనే నాలుగింటిని కూడితే 8. ఒక్కోదాన్ని హాఫ్-అప్‌తో సర్ది కూడితే 1, 2, 3, 4 కలిసి 10 అవుతాయి. సరి సంఖ్య పద్ధతిలో 0, 2, 2, 4 కలిసి 8 అవుతాయి. సగం వచ్చిన ప్రతిసారీ పైకే నెడితే మొత్తం పెరుగుతూ పోతుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి నెడితే తేడాలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం కంప్యూటర్ల లోపలి లెక్కలకు దీన్నే మామూలు పద్ధతిగా పెట్టింది.

కానీ ఈ చెల్లింపు జరగాలంటే 5కు ముందున్న అంకెల్లో సరి, బేసి దాదాపు సమానంగా రావాలి. మన 40.20 రూపాయల వస్తువునే వెయ్యి మందికి అమ్మామనుకోండి. ప్రతి బిల్లులోనూ సీజీఎస్టీ 1.005. 5కు ముందు ఎప్పుడూ సున్నాయే, అదేమో సరి సంఖ్య. బ్యాంకర్స్ పద్ధతి వెయ్యిసార్లూ కిందికే సర్దుతుంది, మొత్తం 5 రూపాయలు తగ్గుతుంది. హాఫ్-అప్ వెయ్యిసార్లూ పైకి సర్దుతుంది, 5 రూపాయలు పెరుగుతుంది. ఇలాంటి చోట ఏదీ నిష్పక్షపాతం కాదు.

అనుమానం ఎక్కడ తప్పింది?

1.005కు బ్యాంకర్స్ పద్ధతిలో జవాబు 1.00. తెర మీద కనిపించిందీ 1.00. ఈ పొంతన చూసే జనం పొరబడతారు. ఇది కాకతాళీయమని తేల్చుకోవడానికి పక్క సంఖ్య ఒక్కటి చాలు. 1.015 తీసుకోండి. హాఫ్-అప్ ప్రకారం 1.02. బ్యాంకర్స్ పద్ధతిలో కూడా 5కు ముందున్న 1 బేసి కనుక 1.02. రెండు సూత్రాలూ ఒకే మాట చెబుతున్నాయి. జావాస్క్రిప్ట్, పైథాన్ రెండూ చూపించేది మాత్రం 1.01. ఇది ఏ సూత్రానికీ చెందని జవాబు.

అసలు సంగతేమిటంటే, కంప్యూటర్ దగ్గర 1.005 అనే సంఖ్యే లేదు. సాధారణ దశాంశ సంఖ్యలను అది బైనరీలో, అంటే అరలు, పావులు, అరపావుల మొత్తంగా దాస్తుంది. హారాన్ని రెండు మీద రెండు గుణించి తెచ్చుకోగలిగే భిన్నాలు మాత్రమే అందులో పూర్తిగా ఇముడుతాయి. 1.005 అంటే 1, దాని మీద 200లో ఒకటో వంతు. 200 అంటే 8 సార్లు 25. ఆ 25 రెండ్ల గుణకారంలో ఎప్పటికీ రాదు. మూడో వంతును మనం 0.333 అంటూ ఎంత దూరం రాసినా ముగియనట్టే, బైనరీలో 1.005 కూడా ముగియదు. ఎక్కడో ఒకచోట తెంచాలి.

1కీ 2కీ మధ్య కంప్యూటర్ నిలపగలిగిన సంఖ్యలు మెట్లలా సమాన దూరంలో ఉంటాయి. ఒక్కో మెట్టు ఎత్తు రెండును 52 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒకటో వంతు. 1.005 రెండు మెట్ల నడుమ పడింది. కింది మెట్టు 0.48 మెట్టు దూరంలో, పై మెట్టు 0.52 మెట్టు దూరంలో ఉన్నాయి. దగ్గరిది కిందిదే కనుక అదే నిలిచింది. దాని విలువ 1.00499999999999989 పైచిలుకు. ఇది సగం కన్నా తక్కువ. కాబట్టి ఇక్కడ సగం ప్రశ్నే తలెత్తదు. ఏ సూత్రం వాడినా దగ్గరి విలువ 1.00. రౌండింగ్ తప్పు చేయలేదు, దానికి అందిన సంఖ్యే వేరు.

ముందు చూసిన బిల్లు చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. 40.2 కూడా, 0.025 కూడా బైనరీలో ఇమడనివే. రెండూ అసలు కన్నా కాస్త ఎక్కువగా నిలిచాయి. వాటిని గుణిస్తే ఆ రెండు మిగులూ కలిసి జవాబును పై మెట్టుకు ఎక్కించాయి: 1.0050000000000001. అది సగం దాటింది కనుక 1.01 అయింది. రెండో దారిలో 2.5 ఖచ్చితంగా ఇమిడే సంఖ్య. గుణించాక సరిగ్గా 100.5 నిలిచింది, దాన్ని వందతో భాగిస్తే కింది మెట్టు వచ్చింది. అందుకే 1.00.

మరి రెండు సూత్రాల తేడా తెర మీద ఎప్పుడు బయటపడుతుంది? 1.125 లాంటి చోట. అది 1, దాని మీద 8లో ఒకటో వంతు. బైనరీలో పూర్తిగా ఇముడుతుంది, కాబట్టి నిజంగానే సగం. ఇక్కడ పైథాన్ round 1.12 ఇస్తుంది, సరి సంఖ్య పద్ధతి. జావాస్క్రిప్ట్ toFixed 1.13 ఇస్తుంది, పైకి సర్దే పద్ధతి. మూడో దశాంశ స్థానంలో 5 వచ్చి ఆగిపోయే తోకలు .005 నుంచి .995 వరకు వంద ఉన్నాయి. వాటిలో బైనరీలో ఇమిడేవి నాలుగే: .125, .375, .625, .875. మిగతా 96 చోట్లా జవాబును తేల్చేది సూత్రం కాదు, సంఖ్య పడిన మెట్టు.

సరిచేసుకునే దారి

కొందరు రౌండ్ చేసే ముందు అతి చిన్న సంఖ్యను కలుపుతారు. జావాస్క్రిప్ట్‌లో దాని పేరు Number.EPSILON, 1 దగ్గరి ఒక మెట్టు ఎత్తు. 1.005కు ఇది పనిచేస్తుంది. 10.075కు పనిచేయదు. 8కీ 16కీ మధ్య మెట్టు ఎనిమిది రెట్లు పెద్దది, కలిపిన చిటికెడు అందులో కలిసిపోయి సంఖ్య ఉన్నచోటే ఉంటుంది. జవాబు మళ్లీ 10.07.

డబ్బు లెక్కకు గట్టి దారి పైసల్లో లెక్కించడం. 40.20 రూపాయలంటే 4020 పైసలు, 2.5 శాతమంటే వెయ్యికి 25. గుణిస్తే 1,00,500. వెయ్యితో భాగిస్తే 100, శేషం 500. శేషం భాజకంలో సరిగ్గా సగం, సందేహానికి తావే లేదు. ఇప్పుడు హాఫ్-అప్ కావాలంటే 101 పైసలు, బ్యాంకర్స్ కావాలంటే 100. ఎంపిక మన చేతికి వచ్చింది. దశాంశ పద్ధతిలోనే లెక్కించే రకాలు కూడా ఉన్నాయి. పైథాన్‌లో అయితే ఇలా:

```
from decimal import *
Decimal("1.005").quantize(Decimal("0.01"), ROUND_HALF_UP)    # 1.01
Decimal("1.005").quantize(Decimal("0.01"), ROUND_HALF_EVEN)  # 1.00
```

ఇక్కడ 1.005 చుట్టూ ఉన్న కొటేషన్ గుర్తులు మరిచిపోకూడదు. అవి లేకపోతే సంఖ్య ముందు బైనరీలోకి వెళ్లి, తరిగిపోయాకే Decimal చేతికి వస్తుంది. అప్పుడు ROUND_HALF_UP అన్నా 1.00 తప్పదు.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా మన బిల్లులో ఒక పైసా తేడా ఉండిపోతుంది. రెండు పన్నులూ కలిపి అసలు లెక్క 2.01. విడివిడిగా పైకి సర్దితే 1.01, 1.01 కలిసి 2.02. సరి సంఖ్యకు సర్దితే 1.00, 1.00 కలిసి 2.00. రెండు సమాన భాగాలు కలిసి 201 పైసలు కావడం ఎలాగూ కుదరదు. ఆ పైసాను ఏ రౌండింగ్ సూత్రమూ తీర్చలేదు. భాగాలను ముందు సర్ది కూడాలా, కూడాక మొత్తాన్ని సర్దాలా అన్నది బిల్లు రూపొందించేవాళ్లు ముందే తేల్చి రాసుకోవాలి. అమ్మేవాడి ప్రోగ్రాం ఒక వరుసలో, కొనేవాడి అకౌంటెంట్ ఇంకో వరుసలో లెక్కేస్తే, ఇద్దరూ హాఫ్-అప్పే వాడినా వాళ్ల మొత్తాలు కలవవు.