పండగ ముందు రోజంటే ఏ రోజండీ?

“సంక్రాంతి అరిసెలకు ఆర్డర్లు తీసుకుంటున్నాం. పండగ ముందు రోజు వచ్చి పట్టుకెళ్లండి.” చాలా మిఠాయి కొట్లు వాట్సాప్‌లో ఇలాగే పెడతాయి. చదివేవాళ్లలో ఒకరికి పండగంటే భోగి, మరొకరికి సంక్రాంతి. ఒకరు 13న, ఇంకొకరు 14న వస్తారు. 13న వచ్చినాయన అరిసెలు అప్పటికింకా మూకుట్లోకే దిగి ఉండవు. “రేపటిలోగా చెప్పండి” అన్నా ఇదే గొడవ. ఆ మాట రెండు రోజుల తర్వాత చదివేవాళ్లకు రేపు ఎప్పుడు?

తేదీ, పక్కనే వారం, వేళ రాయండి. భోగి 14, బుధవారం అనుకుంటే కబురు ఇలా ఉండొచ్చు:

```
నమస్తే అండి. పోయిన సంక్రాంతికి మా దగ్గర
అరిసెలు తీసుకున్నారు. ఈసారీ చేయమంటారా?
ఆర్డరు: *జనవరి 8, గురువారం* రాత్రి 8 లోపు
తీసుకెళ్లేది: *12 సోమ, 13 మంగళ*, ఉ.10 - రా.8
14న కొట్టు ఉండదు.
ఎన్ని కిలోలో, ఏ రోజు వస్తారో రాయండి చాలు.
- గాంధీ బొమ్మ సెంటర్ మిఠాయి కొట్టు
```

రెండు వైపులా చుక్క గుర్తు పెడితే తేదీ లావు అక్షరాల్లో కనిపిస్తుంది. ధరల పట్టిక ఇందులో ఇరికించకండి, అడిగినవాళ్లకు పంపొచ్చు. కబురు పొడుగైతే వాట్సాప్ సగంలో మడిచేస్తుంది, తేదీలు ఆ మడతలో పోతాయి. గడువు 8 అని ఎందుకంటే, ఎన్ని కిలోలో తేలితేగాని బియ్యం నానబోయలేరు. తడిపిండి కొట్టించి, పాకం పట్టి చలిమిడి చేశాక ఇంకో పది కిలోలు కావాలంటే మళ్లీ మొదటికి రావాల్సిందే.

బ్రాడ్‌కాస్ట్‌లో అందరికీ ఒకే కబురు వెళ్తుంది, ఎవరి పేరు వాళ్లకు పడదు. అయినా సొంతంగా పలకరించినట్టు ఉండాలంటే నిరుటి ఆర్డరు పుస్తకం తీసి లిస్టులు విడగొట్టాలి. అరిసెలవాళ్లకు ఒకటి, బొబ్బట్లవాళ్లకు ఒకటి. బొబ్బట్లు అరిసెల్లా నిలవుండవు కాబట్టి వాటి తేదీలూ వేరే. అమెరికా పిల్లలకు పార్సిల్ కట్టించుకునేవాళ్లకు ఇంకా ముందు తేదీలతో మరొకటి. పాత సాధారణ లిస్టులో 256 మందికి మించి పట్టరు కనుక ఎలాగూ విడగొట్టాల్సిందే. మీ నంబరు ఫోన్‌లో దాచుకోనివాళ్లకు అది చేరదు కూడా. నంబరు దాచుకోమని చెప్పాల్సింది బిల్లు కట్టేటప్పుడు, కౌంటరు దగ్గర.

జవాబు విడిగా మీకే వస్తుంది. దానికి బొటనవేలు బొమ్మ పంపి ఊరుకోవద్దు. “నువ్వుల అరిసెలు 2 కిలోలు, 12 సోమవారం సాయంత్రం, అడ్వాన్సు ముట్టింది” అని తిరిగి రాయండి. కౌంటరు దగ్గర మాటామాటా వస్తే ఇద్దరికీ అదే రసీదు.

11న ఆర్డరిచ్చినవాళ్లకు మాత్రమే ఒక వాక్యంలో గుర్తుచేయండి. మిగతావాళ్లను కదపొద్దు. విసిగి బ్లాక్ చేశారంటే ఉగాదికి మీ కబురు వాళ్లకు వెళ్లదు.