పర్యావరణ దినోత్సవ ప్రసంగానికి ముందు ఇంట్లో చెత్త చూడాలి

జూన్ 5 పర్యావరణ దినోత్సవం నాటికి తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా ఇంకా తెరవరు. తెరిచాక ప్రసంగం చెప్పాల్సిన పిల్లలకు ఆ సెలవులు బాగా పనికొస్తాయి. ఇంట్లో వారం రోజుల ప్లాస్టిక్‌ను పారేయకుండా ఒక గోనెసంచిలో వేయించండి. సముద్రాల గురించి పుస్తకం చూసి ఎవరైనా చెబుతారు, మన వంటింటి సంగతి మాత్రం మన పిల్లలే చెప్పాలి.

వారం తర్వాత దాన్ని రెండు కుప్పలు చేయాలి. పాత సామాన్లవాళ్లు కొనేవి ఒకటి, ముట్టుకోనివి ఇంకొకటి. సీసాలు, నూనె డబ్బాలు, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు మొదటి కుప్పలోకి వెళ్తాయి. పల్చటి కవర్లు, షాంపూ ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు రెండో దానిలోకి. ఖాళీ చిప్స్ ప్యాకెట్‌ను గుప్పిట్లో నలిపి వదలండి, మళ్లీ విచ్చుకుంటుంది. లోపల వెండిలా మెరిసేది ప్లాస్టిక్ మీద వేసిన అల్యూమినియం పూత. అంటించిన ఆ పొరలను విడదీయడం గిట్టుబాటు కాదు, అందుకే ఎవరూ కొనరు. తగ్గించాల్సింది ముందుగా ఈ రెండో కుప్పనే.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఇలా మాట్లాడవచ్చు:

“అందరికీ నమస్కారం. ఆదివారం నాన్న హోటల్ నుంచి ఇడ్లీ పార్శిల్ తెచ్చారు. ఇడ్లీ కింద ప్లాస్టిక్ కాగితం, పల్లీ చట్నీకి ఒక కవరు, అల్లం చట్నీకి ఒకటి, సాంబారుకు ఒకటి, అన్నీ పెట్టి ఇచ్చిన కవరు మరొకటి. మేం తినేసరికి అన్నీ చెత్తయ్యాయి. సాంబారు జిడ్డు అంటిన కవరును ఎవరూ తీసుకోరు. ఇప్పుడు నాన్న స్టీలు క్యారేజీ పట్టుకెళ్తున్నారు. సాంబారు కింది గిన్నెలో, ఇడ్లీ మధ్యలో, చట్నీలు పైన.”

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబితే చాలు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, కప్పులు, ప్లేట్లు దేశమంతా నిషేధం. చేతిసంచుల మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలి, అంటే 0.12 మిల్లీమీటర్లు.  అయితే మందపు సంచి కదా అని తెచ్చి ఒక్కసారికే పారేస్తే పల్చటిదానికన్నా ఎక్కువ ప్లాస్టిక్ పోగైనట్టే. గుడ్డసంచి బండి డిక్కీలో ఎప్పుడూ ఉండాలి.

పాల ప్యాకెట్‌ను చాలా ఇళ్లలో మానలేం. కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెగకుండా ప్యాకెట్‌కే వేలాడేలా వదలండి. తెగిపడిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది కాలువలోకి పోతుంది.

ఎంత తగ్గించినా రెండో కుప్ప కొంత మిగులుతుంది. దాన్ని పెరట్లో తగలబెట్టకండి, ఆ పొగ విషం. పొడి చెత్తగా విడిగా ఉంచి చెత్త బండికి ఇవ్వండి. పిల్లల ప్రసంగంలో ఈ మాట తప్పకుండా చెప్పించండి.