శిక్షణ బాండు: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి?

మూడేళ్లు పనిచేయాలి, లేదంటే 2 లక్షల రూపాయలు కట్టాలి. సిక్పా ఇండియా అనే కంపెనీలో ఒక ఉద్యోగి సంతకం చేసిన బాండు సారాంశం ఇది. ఆయన రెండేళ్లు నిండుతుండగా మానేశాడు. బాండులో రాసుకున్న మొత్తం ఇప్పించమని కంపెనీ కోర్టుకెక్కింది. శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయిందని కోర్టు లెక్క తీస్తే 67,596 రూపాయలని తేలింది. దాన్ని మూడేళ్లకు మూడు భాగాలు చేసి, పనిచేయకుండా మిగిల్చిన ఒక్క ఏడాది భాగం 22,532 రూపాయలు మాత్రమే కట్టమంది. కంపెనీ అప్పీలుకు వెళ్లినా 2011లో ఢిల్లీ హైకోర్టు అదే లెక్కను నిలబెట్టింది.

కాగితం మీద 2 లక్షలుంటే కోర్టు 22 వేలతో ఎందుకు సరిపెట్టింది? జవాబు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమేనని 74వ సెక్షన్ చెబుతుంది. ఆ పరిమితి లోపల న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. అంటే బాండు మొత్తం జరిమానా కాదు, నష్టానికి బదులు. నష్టం ఎంతో తెలియాలంటే శిక్షణ ఖర్చు, పనిచేసిన కాలం రెండూ లెక్కలోకి రావాలి.

అలాగని బాండు చెల్లని కాగితం అనుకుంటే పొరపాటు. ‘ఆ బాండులు ఏ కోర్టులోనూ నిలబడవు, వదిలేసి వచ్చేయ్’ అని సీనియర్లు చెప్పే మాట నమ్మి ఇబ్బందిపడేవాళ్లు ఎందరో. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు ఆ మాటను గట్టిగానే తోసిపుచ్చింది. అక్కడా మూడేళ్ల షరతే, 2 లక్షల రూపాయలే. 2007లో సీనియర్ మేనేజర్‌గా చేరిన ఉద్యోగి 2009లో మరో బ్యాంకుకు వెళుతూ, అభ్యంతరం తెలుపుతూనే ఆ సొమ్ము కట్టాడు. తర్వాత దాన్ని తిరిగి ఇప్పించమని కోర్టుకు వెళ్లాడు. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది కానీ, సుప్రీంకోర్టు బ్యాంకు వాదనను ఒప్పుకుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి వర్తించే ఇలాంటి షరతు బతుకుతెరువును అడ్డుకోవడం కాదంది. ప్రభుత్వ రంగ బ్యాంకు ఒక ఖాళీ భర్తీ చేయాలంటే ప్రకటన, పోటీ ప్రక్రియ అన్నీ మళ్లీ జరపాలి కాబట్టి, ఆ స్థాయి జీతానికి 2 లక్షలు ఎక్కువేమీ కాదంది.

ఒక కేసులో మొత్తం కట్టాల్సి వచ్చింది, మరోదానిలో తొమ్మిదో వంతు మాత్రమే. రెండూ కలిపి చూస్తే షరతు ఎలా రాయాలో తెలుస్తుంది: ఖర్చు నిజమైనదై ఉండాలి, మొత్తం అందుకు తగ్గట్టుండాలి. చాలా కంపెనీల్లో కనిపించే రాత మాత్రం ఇలా ఉంటుంది: ‘ఉద్యోగి ఏ కారణం చేతనైనను నిర్ణీత కాలమునకు ముందు వైదొలగినచో 3,00,000 రూపాయలు ఏకమొత్తముగా చెల్లించుటకు బద్ధుడై యుండును.’ ఇందులో శిక్షణ ఏమిటో లేదు, ఖర్చు ఎంతో లేదు. మొదటి నెలలో మానేసినా, చివరి నెలలో మానేసినా ఒకే మొత్తం. ‘ఏ కారణం చేతనైనను’ అన్న మాటల్లో అనారోగ్యంతో మానేసినవాళ్లు కూడా ఇరుక్కుంటారు.

అదే షరతును మామూలు మనుషులకు అర్థమయ్యేలా, ఇద్దరికీ న్యాయంగా ఉండేలా ఇలా రాయవచ్చు:

‘మీకు కంపెనీ ఈ ఫలానా కోర్సులో శిక్షణ ఇప్పిస్తోంది. బయటి సంస్థకు మేం కట్టే ఫీజు 1,20,000 రూపాయలు. రసీదు నకలు మీకు ఇస్తాం. శిక్షణ ముగిసిన మర్నాటి నుంచి 24 నెలలు మీరు ఇక్కడ పనిచేయాలి. ఈలోగా మీ అంతట మీరు రాజీనామా చేస్తే, గడువులో మిగిలిన ఒక్కో పూర్తి నెలకు 5,000 రూపాయల చొప్పున తిరిగి చెల్లించాలి. కంపెనీయే మిమ్మల్ని తొలగించినా, జీతం సమయానికి ఇవ్వకపోవడం వల్ల మీరు మానేసినా, వైద్యుడు ధ్రువీకరించిన అనారోగ్యంతో వెళ్లినా ఏమీ కట్టనక్కర్లేదు. విచారణలో తీవ్రమైన తప్పు రుజువై తొలగిస్తే మాత్రం పై లెక్కే వర్తిస్తుంది.’

ఈ షరతు కింద హైదరాబాద్‌లో పనిచేసే ఒక అమ్మాయిని ఊహించుకుని లెక్క కడదాం. శిక్షణ 2025 మార్చి 31న ముగిసింది. గడువు ఏప్రిల్ 1న మొదలై 2027 మార్చి 31తో తీరుతుంది. ఆమె 2026 జూన్ 30న మానేస్తే 15 నెలలు పనిచేసినట్టు, మిగిలినవి 9 నెలలు, కట్టాల్సింది 45,000. జులై 10న మానేస్తే? ఆ నెల సగంలోనే ఆగింది కాబట్టి మిగిలిన పూర్తి నెలలు ఆగస్టు నుంచి మార్చి దాకా 8, అంటే 40,000. ‘పూర్తి’ అన్న ఒక్క మాట లేకపోతే ఈ 5,000 దగ్గరే తగవు మొదలవుతుంది. రాజీనామా ఇచ్చిన తేదీ లెక్కకు వస్తుందా, ఆఖరి పనిదినమా అన్నది కూడా రాసి ఉంటే మంచిది. నోటీసు కాలంలోనూ ఆమె పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఆఖరి పనిదినాన్ని తీసుకోవడమే న్యాయం.

అసలు పేచీ వచ్చేది ఖర్చు దగ్గర. కొత్తగా చేరినవాళ్లకు కంపెనీ నియమాలు, సెలవుల పద్ధతి చెప్పే మొదటి వారం తరగతులను శిక్షణ అని బిల్లు వేసేవాళ్లున్నారు. అది ఏ కంపెనీ అయినా తన పని కోసం చేసుకునేదే. శిక్షణ కాలపు జీతాన్ని మొత్తంగా ఖర్చులో కలపడం ఇంకా అన్యాయం. ఆ రోజుల్లో ఉద్యోగి అసలు పని కూడా చేస్తూ ఉంటే మరీను. బయటి సంస్థకు కట్టిన ఫీజు, పరీక్ష రుసుము, ప్రయాణం, బస వంటివి రసీదుతో చూపగలిగినవి. కంపెనీ సిబ్బందే పాఠం చెబితే, ఖర్చు ఎలా లెక్కగట్టారో బాండులోనే చెప్పాలి. రుజువు అడిగే రోజున అంకెలు వెతుక్కునే కంపెనీ ఓడిపోవడానికే ఎక్కువ అవకాశం.

ఇక సర్టిఫికెట్ల సంగతి. ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టడం మన దగ్గర చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ కాగితాలు చదువుకున్న మనిషివి, బాకీకి తాకట్టు వస్తువులు కావు. ఇష్టంలేని ఉద్యోగిచేత బలవంతంగా పని చేయించే ఉత్తర్వు కోర్టులు కూడా ఇవ్వవు. కంపెనీ అడగగలిగింది డబ్బు మాత్రమే. దానికి ఒరిజినల్స్ అవసరం లేదు. నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. అంతకన్నా ప్రమాదం సంతకం చేసిన ఖాళీ చెక్కు. అంకె వాళ్లే వేసుకుని బ్యాంకులో వేస్తే, అది తిరిగొచ్చినప్పుడు చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు ఉద్యోగి మెడకు చుట్టుకోవచ్చు. బాండు గొడవ మామూలు సివిల్ తగాదాగా తేలేది కాస్తా ఇలా దారి మళ్లుతుంది.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి మూడే: శిక్షణ ఖర్చు ఎంత, దానికి ఆధారం ఏది, నెలనెలా ఎంత తగ్గుతుంది. వాటికి జవాబు నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లోనైనా రాసిమ్మనండి. బాండు నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.